52 కిలోల దగ్గరే ఆగిన బరువు: గుడ్డు కూడా తినని కుర్రాడికి రోజంతా ఏం పెట్టాలి?

సన్నజాజి_అనంత (అనంతపురం):
అన్నలకు, అక్కలకు నమస్కారం. వయసు 21, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు. మా ఇంట్లో గుడ్డు కూడా తినరు, నేనూ తినను. వారానికి నాలుగు రోజులు సాయంత్రం జిమ్‌కు పోతున్నా. స్క్వాట్, బెంచ్ కొద్దికొద్దిగా పెరుగుతున్నాయి గానీ బరువు మాత్రం కదలడం లేదు.

నా రోజు ఇట్లా ఉంటుంది. పొద్దున బండి మీద ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, టీ. మధ్యాహ్నం మెస్సులో అన్నం, రెండు గరిటెల పప్పు, కూర, మజ్జిగ. సాయంత్రం టీ, నాలుగు బిస్కట్లు. రాత్రి రూములో అన్నం, చారో పచ్చడో, కొంచెం పెరుగు. రూములో కుక్కర్, గ్యాస్ ఉన్నాయి, ఫ్రిజ్ లేదు. ఇప్పుడు తినేదానికి పైన రోజుకు 50, 60 రూపాయలకు మించి పెట్టలేను. కడుపు పగిలేలా తింటున్నా, అయినా ఒంటికి పట్టడం లేదు. ఏం చేయాలి?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
తమ్ముడూ, తిండి చాలడంలేదు, అంతే. రోజుకు లీటరు గేదె పాలు తాగు, అన్నంలో రెండు స్పూన్లు నెయ్యి పోసుకో, నాలుగు అరటిపండ్లు తిను, రాత్రికి రాగి సంగటి. పాత పహిల్వాన్లు ఇట్లాగే పెరిగినారు. ప్రొటీన్ కిలో బరువుకు కనీసం రెండున్నర గ్రాములు ఉండాల. మీల్ మేకర్ జోలికి మాత్రం పోవద్దు, అది మగవాళ్లకు మంచిది కాదు.

సుబ్బయ్య_మాస్టారు (ప్రొద్దుటూరు):
బాబూ, అన్నం పూర్తిగా మానేయి. కొర్రలు, అండుకొర్రలు అలవాటు చేసుకో. నాకు షుగర్ 280 ఉండేది, కొర్రన్నం, మెంతులు, సాయంత్రం నడకతో బాగా దిగింది, ఆరు కిలోల బరువు కూడా తగ్గాను. బండి మీది బజ్జీలు అసలే వద్దు.

పెన్నా_గట్టు (కడప):
మాస్టారూ, మీకు పనికొచ్చిన తిండే ఈ అబ్బాయికి అడ్డం. కొర్రల్లో పీచు ఎక్కువ, కడుపు తొందరగా నిండుతుంది. మీకు కావలసింది అదే. ఇతనికి కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం: కడుపు నిండకముందే శక్తి లోపలికి పోవాలి.

తమ్ముడూ, లెక్క వేసేముందు మూడు సంగతులు చెప్పు. ఈ 52 ఎన్ని నెలల నుంచి ఉంది? మధ్యలో ఎప్పుడైనా ఉన్న బరువు తగ్గిందా? జ్వరం, దగ్గు, గుండె దడ, చేతులు వణకడం, మాటిమాటికీ విరేచనాలు లాంటివి ఉన్నాయా?

సన్నజాజి_అనంత:
అవేవీ లేవక్కా. ఆర్నెల్లుగా 51.5కూ 52.5కూ మధ్యనే తిరుగుతోంది.

పెన్నా_గట్టు:
మంచిది. బాగా తింటూ కూడా బరువు దిగిపోతుంటే మాత్రం తిండి లెక్కలు పక్కన పెట్టి ముందు థైరాయిడ్, షుగర్, టీబీ పరీక్షలు చేయించాలి. ప్రభుత్వాసుపత్రిలో చేస్తారు. నీది ఆ కోవ కాదు.

నీ రోజును లెక్క కట్టాను. ఉగ్గాని ప్లేటు చూడడానికి గుట్టలా కనిపిస్తుంది గానీ అందులో ఉండేది 50 గ్రాముల బొరుగులే. నూనె, పప్పుల పొడి కలిపినా 300 కేలరీలు. బజ్జీలు రెండూ 200, టీ 60. మధ్యాహ్నం 175 గ్రాముల బియ్యం అన్నం తింటున్నావనుకుంటే పప్పు, కూర, మజ్జిగతో 830 దాకా వస్తుంది. సాయంత్రం 150. రాత్రి 150 గ్రాముల బియ్యంతో 660 చుట్టూ. మొత్తం 2,200. ప్రొటీన్ 50 గ్రాములు దాటదు.

ఆర్నెల్లుగా బరువు నిలకడగా ఉందంటే ఆ 2,200 నీ ఒంటి రోజువారీ ఖర్చుకు సరిపోతోందని అర్థం. కాబట్టి నీకు పైన కావలసింది 350 నుంచి 400 కేలరీలే. ఇంటర్నెట్‌లో చెప్పే 3,500 లెక్కలు నీకు కాదు. ప్రొటీన్ మాత్రం 50 నుంచి 80, 85 దాకా పోవాలి, అంటే కిలోకు 1.6 గ్రాములు. పెద్ద గండి అక్కడ ఉంది. కడుపు పగిలేలా తింటున్నానన్నావు, అది నిజమే, కానీ నిండేది అన్నంతో, మజ్జిగ నీళ్లతో, పప్పు నీళ్లతో.

మెస్సు పప్పును ఒకసారి పరీక్షించు. గ్లాసులో పోసి పది నిమిషాలు కదపకుండా పెట్టు. పైన నీళ్లు తేరుకుంటాయి, పప్పు అడుగున దిగుతుంది. అట్లాంటి రెండు గరిటెల్లో కందిపప్పు 25 గ్రాములు కూడా ఉండదు, ప్రొటీన్ అయిదారు గ్రాములే.

కొండారెడ్డి_బురుజు:
అక్కా, లెక్క బాగుంది గానీ నేను చెప్పిన పాలూ నెయ్యీ అయితే ఆ 400 ఒక్క దెబ్బకు వచ్చేస్తాయి కదా?

పెన్నా_గట్టు:
కేలరీలు వస్తాయి. లీటరు గేదె పాలంటే వెయ్యి దాటుతుంది, దాని మీద నెయ్యి, నాలుగు అరటిపండ్లు. అతని ఖర్చు మీద 1,500 పైన పడుతుంది. కండ పెరిగే వేగానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటి వచ్చిందంతా పొట్ట దగ్గర చేరుతుంది. పైగా లీటరు పాలకే అతని డబ్బు దాటిపోతుంది. నెయ్యిలో శక్తి నిండుగా ఉంది, ప్రొటీన్ సున్నా. రాగిలో కాల్షియం బాగా ఉంది, అది నిజం. ప్రొటీన్ మాత్రం వంద గ్రాముల పిండికి ఏడు గ్రాములే, బియ్యంతో సమానం. సంగటి ముద్ద తిన్నాక మళ్లీ ఏదైనా తినడానికి చోటుండదు. ఆకలి బాగున్న రోజు తినొచ్చు, రోజూ రాత్రి అదే అయితే ఇతనికి ఇబ్బంది.

ఊరిబిండి_రుచి (ధర్మవరం):
అక్కా, ఈ 50 రూపాయల సంగతికి మన వైపు జవాబు శెనక్కాయే. వంద గ్రాముల విత్తనాల్లో 550 కేలరీల పైన, 25 గ్రాముల ప్రొటీన్. పుట్నాలలో నూనె తక్కువ, ప్రొటీన్ 20 గ్రాముల పైనే. రెండూ కలిపి పొడి కొట్టి పెట్టుకుంటే ఫ్రిజ్ అక్కర్లేదు.

తమ్ముడూ, పావుకిలో శెనక్కాయ విత్తనాలు, పావుకిలో పుట్నాలు, ఎండుమిరపకాయలు 12, ఒక వెల్లుల్లిగడ్డ, రెండు స్పూన్ల జీలకర్ర, ఉప్పు. ముందు విత్తనాలు ఏరు. ముడతలు పడ్డవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి పారేయి, చేదుగా ఉండే గింజ నోట్లో పడితే ఊసేయి. బూజు పట్టిన శెనక్కాయలో విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు. మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు కలుపుతూ వేయించు. పొట్టు మీద ముదురు మచ్చలు పడి, వేళ్ల మధ్య నలిపితే పొట్టు ఊడిరావాలి. సెగ పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, రెండో రోజుకే మెత్తబడుతుంది. మిరపకాయలు, జీలకర్ర విడిగా వేయించు. పుట్నాలు రెండు నిమిషాలు వెచ్చబడితే చాలు.

తర్వాత చేసే తప్పు అందరిదీ ఒకటే: వేడి మీదే మిక్సీలో వేస్తారు. నూనె దిగి ముద్ద అయిపోతుంది. పూర్తిగా చల్లారనిచ్చి, మిరపకాయలు, ఉప్పు, పుట్నాలు ముందు పొడి చేసి, విత్తనాలు, వెల్లుల్లి చివర్లో వేసి ఆపి ఆపి తిప్పు. కాస్త పలుకుగా ఉండాలి. తడి లేని డబ్బాలో పెట్టు. ఎనిమిది, పది రోజుల్లో తినేసేంతే చేసుకో, ఎక్కువ నిలవ పెడితే నూనె కంపు కొడుతుంది.

సన్నజాజి_అనంత:
ఇది చేయగలనన్నా. మరి ఎంత తినాలి, ఎప్పుడు తినాలి?

పెన్నా_గట్టు:
ఆ పొడి నిండు స్పూను 15 గ్రాములు తూగుతుంది. అందులో 70 కేలరీలు, మూడున్నర గ్రాముల ప్రొటీన్. దీన్ని ఇప్పుడు నీ రోజులోకి పెడదాం. ఉన్న అలవాట్లు పెద్దగా మార్చను, మార్చింది రెండు వారాలకు మించి నిలవదు.

పొద్దున ఉగ్గాని ఉండనీ. బజ్జీలు మానేసి, పొట్లంలో పొడి తీసుకుపోయి మూడు స్పూన్లు కలుపుకో. టీకి బదులు పావు లీటరు పాలు. ఇక్కడికి 650 కేలరీలు, ప్రొటీన్ 24 గ్రాములు. ఇంతకుముందు ఈ పూట నీకు పదే వచ్చేది.

మధ్యాహ్నం మెస్సు భోజనం అంతే ఉంచి, మొదటి ముద్దల్లో ఒక స్పూను పొడి. మజ్జిగ చివర్లో సగం గ్లాసు. 900, ప్రొటీన్ 25.

సాయంత్రం జిమ్‌కు గంట ముందు ఒక అరటిపండు, టీ కావాలంటే టీ. 150. బిస్కట్లకు పెట్టే డబ్బు ఇటు తిప్పు.

రాత్రి నీ చేతిలో ఉన్న పూట, అసలు మార్పు ఇక్కడే. అన్నం 150 నుంచి 120 గ్రాముల బియ్యానికి తగ్గించి, చారు స్థానంలో గట్టి పప్పు పెట్టు. నీ ఒక్కడికే 50 గ్రాముల కందిపప్పు. చిన్న టీ గ్లాసులో మూడింట రెండు వంతులు. ఒక స్పూను నూనెతో తిరగమాత, అందులో పాలకూరో, గోంగూరో, మామిడికాయో ఏదైనా సరే. నీళ్లు పోయని పెరుగు 150 గ్రాములు. 720, ప్రొటీన్ 25. పడుకునే ముందు ఇంకో పావు లీటరు పాలు.

కలిపితే 2,600కు అటూఇటూ, ప్రొటీన్ 85 దగ్గర. పాలు టోన్డ్ ప్యాకెట్ లెక్కన వేశాను, గేదె పాలయితే ఇంకో 200 దాకా పెరుగుతుంది, అప్పుడు అరటిపండు మానినా నష్టం లేదు.

ఊరిబిండి_రుచి:
డబ్బు లెక్క నేను చెప్తా. మా దగ్గరి అంగడి ధరలతో రోజూ పొడికి పది, పాలకు ముప్పై, పప్పుకు ఏడు, అరటిపండుకు అయిదు, పెరుగు కొంచెం ఎక్కువ తీసుకున్నందుకు ఏడెనిమిది. 60 దగ్గర. బజ్జీలు, బిస్కట్లు, పొద్దుటి టీ మానినందుకు మిగిలేది తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఫ్రిజ్ లేదన్నావు కాబట్టి అరలీటరు ప్యాకెట్ పొద్దున తీసుకొని వెంటనే కాచి, సగం తాగి, మిగతాది సాయంత్రం మళ్లీ ఒకసారి కాయి. ఎండాకాలంలో మన అనంతపురంలో ఒకసారి కాచి వదిలేస్తే రాత్రికి విరిగిపోతాయి.

సన్నజాజి_అనంత:
ఒక ఇబ్బంది ఉంది. పాలు ఎక్కువ తాగితే కడుపు ఉబ్బరంగా ఉంటుంది.

పెన్నా_గట్టు:
అయితే రాత్రి పాలను మధ్యాహ్నమే తోడు పెట్టు. పావు లీటరు పాలు తోడుకున్న పెరుగులో ప్రొటీన్, కేలరీలు దాదాపు అంతే ఉంటాయి, పాలలోని చక్కెర కొంత తోడుకే పోతుంది కాబట్టి చాలామందికి ఉబ్బరం రాదు. పొద్దుటి పాలు నెమ్మదిగా, ఉగ్గాని తిన్నాక తాగి చూడు. పరగడుపున తాగితేనే ఎక్కువమందికి తేడా చేస్తుంది.

అన్నీ ఒకే రోజు మొదలుపెట్టొద్దు కూడా. పప్పులోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో అరగవు, పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టినప్పుడు గ్యాసు వస్తుంది. మొదటి వారం పొడి, పాలు. రెండో వారం రాత్రి పప్పు.

కొండారెడ్డి_బురుజు:
మీల్ మేకర్ గురించి నేను చెప్పింది ఎవరూ పట్టించుకోలేదు. అందులో ఆడవాళ్ల హార్మోన్ ఉంటుందని మా జిమ్‌లో అందరూ అంటారు. శెనగలు, బుడ్డలు ఉండగా దాని అవసరం ఏముంది?

పెన్నా_గట్టు:
సోయాలో ఉండేది ఈస్ట్రోజన్‌ను పోలిన మొక్క పదార్థం, ఆ హార్మోనే కాదు. మగవాళ్ల మీద చేసిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు టెస్టోస్టిరాన్ తగ్గినట్టు తేలలేదు. 30 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 15 గ్రాముల ప్రొటీన్ ఉంది, శాకాహారంలో అంత చవకగా ఇంకేదీ దొరకదు. పప్పు వండడం కుదరని రాత్రి 30 గ్రాములు ఉప్పునీళ్లలో అయిదు నిమిషాలు ఉడికించి, చన్నీళ్లలో వేసి రెండుసార్లు గట్టిగా పిండి, కూరలో వేసుకోవచ్చు. పిండకపోతే పచ్చి వాసన పోదు, అందుకే చాలామంది ఒకసారి తిని వదిలేస్తారు. వారానికి రెండు మూడుసార్లు చాలు. ఇష్టం లేకపోతే మానేయొచ్చు, ఈ పట్టిక దాని మీద ఆధారపడలేదు.

కొండారెడ్డి_బురుజు:
మీరు చెప్పింది విన్నా, నేనైతే తినను. తమ్ముడు వాడి ఇష్టం. ప్రొటీన్ 1.6 చాలన్నది కూడా నాకు తక్కువే అనిపిస్తుంది, పప్పు ప్రొటీన్ పాల ప్రొటీన్ అంత బాగా ఒంటికి పట్టదు కదా.

పెన్నా_గట్టు:
ఆ చివరి మాటలో నిజముంది. పప్పు ప్రొటీన్ అరుగుదల కాస్త తక్కువ. అన్నంలో తక్కువయ్యే లైసిన్‌ను పప్పు పూరిస్తుంది, పప్పులో తక్కువయ్యేదాన్ని అన్నం పూరిస్తుంది, పాలు, పెరుగు రెంటినీ ఎత్తుతాయి. అందుకే పాలు తీసేసి ఉత్త పప్పుతో నడిపేవాళ్లయితే 1.8 దాకా పోవడం మేలు. రెండున్నరకు మాత్రం ఈ డబ్బులో, ఈ ఆకలితో పోలేడు, పోయినా అదనంగా వచ్చే కండ ఉండదు.

నల్లమల_బాట (నంద్యాల):
మా తమ్ముడు మాస్ గెయినర్ డబ్బా కొన్నాడు, రెండున్నర వేలు. ఇతనూ అదే తీసుకుంటే ఈ వంటల బాధ ఉండదు కదా?

ఊరిబిండి_రుచి:
డబ్బా వెనక చదవండి. చాలావాటిలో మొదటి పేరు మాల్టోడెక్స్ట్రిన్ ఉంటుంది, అంటే పిండి నుంచి తీసిన చక్కెర లాంటిది. రెండున్నర వేలకు శెనక్కాయ విత్తనాలు ఎన్ని కిలోలు వస్తాయో చూడండి, ఎనిమిది నెలల పొడి అయిపోతుంది.

సన్నజాజి_అనంత:
ఒంటికి పడుతోందో లేదో ఎట్లా తెలుస్తుంది? జిమ్‌లో బరువు రోజుకో రకంగా చూపిస్తుంది.

పెన్నా_గట్టు:
పొద్దున దొడ్డికి పోయివచ్చాక, ఏమీ తాగకముందు చూడాలి. సాయంత్రం జిమ్‌లో తిన్నది, తాగింది అంతా కలిసి తూగుతుంది, అందుకే కిలో తేడా వస్తుంది. జిమ్ పొద్దున తెరుస్తారు కాబట్టి వారానికి మూడు రోజులు పోయి చూసి, మూడింటినీ కలిపి సగటు రాసుకో. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత వారానికి ఒకసారి టేపుతో.

మొదటి వారం సగటు ముప్పాతిక కిలో, కిలో కూడా ఎగబాకొచ్చు. అది కండ కాదు, పేగుల్లో ఉన్న తిండి, కండరాల్లో చేరిన నీరు. దాన్ని చూసి తిండి తగ్గించకు. రెండో వారం నుంచి వారానికి 150 నుంచి 250 గ్రాములు పెరిగితే అదే కావలసింది. వరుసగా రెండు వారాలు సగటు కదలకపోతే ముందు తిన్నది నిజంగా తిన్నావా అని చూడు. పొద్దుటి పొడి మరిచిపోవడం, రాత్రి పప్పు స్నేహితుడితో పంచుకోవడం లాంటివే ఎక్కువగా కారణం. అది కాకపోతే రాత్రి అన్నంలో ఇంకో రెండు స్పూన్ల నూనె, సాయంత్రం ఇంకో అరటిపండు. 180 కేలరీల పైన పెరుగుతుంది, కడుపుకు తెలియదు. రెండో వారం తర్వాత కూడా వారానికి అరకిలో మించి, నడుము కూడా పెరుగుతూ పోతే రాత్రి నూనె, పండు తీసేయి. పొడి, పప్పు, పాలు కదిలించొద్దు.

ఇంకొకటి. సాయంత్రం పొడిని, వేయించిన విత్తనాలను ఊరికే నములుతూ కూర్చోవద్దు. ఒక గుప్పెడు కడుపులో పడ్డాక రాత్రి భోజనం సగానికి పడిపోతుంది, అక్కడే పప్పు పోతుంది.

సన్నజాజి_అనంత:
ఇదంతా బాగానే ఉందక్కా. ఒక సందేహం. శనివారం ఒక్కపొద్దు ఉంటాను. మధ్యాహ్నం ఒక్కపూట అన్నం, రాత్రి అన్నం ముట్టను. అమ్మకు మాటిచ్చా, మానలేను.

కొండారెడ్డి_బురుజు:
వారంలో ఒక్కరోజే కదప్పా. ఏమీ కాదు.

పెన్నా_గట్టు:
మాట నిలుపుకో, కానీ కాస్త లెక్క చూసుకోవాలి. ఆరు రోజులు నువ్వు కూడబెట్టేది రోజుకు 400 చొప్పున 2,400. శనివారం ఒకే పూట తిని 900 కేలరీలతో ఆగిపోతే నీ ఒంటి ఖర్చుకు 1,300 తగ్గుతుంది. వారం మొత్తంలో సగం కంటే ఎక్కువ ఆ ఒక్కరోజే తినేస్తుంది. మీ ఇంట్లో ఆరోజు ఏవి చెల్లుతాయో అమ్మనే అడుగు. కొందరిళ్లలో పాలు, పండ్లు మాత్రమే, కొందరిళ్లలో రాత్రికి టిఫిను చెల్లుతుంది, శెనక్కాయలు తినేవాళ్లూ ఉన్నారు.

సన్నజాజి_అనంత:
మా ఇంట్లో రాత్రికి ఉప్మా చెల్లుతుంది, పొద్దున పాలు, పండ్లు. శెనక్కాయ సంగతి అడగాలి. వెల్లుల్లి మాత్రం ఆరోజు ఉండకూడదు.

ఊరిబిండి_రుచి:
అయితే పని సులభం. వెల్లుల్లి వేయకముందే కొంచెం పొడి చిన్న డబ్బాలోకి తీసి పక్కన పెట్టు, శనివారానికి అది. 80 గ్రాముల రవ్వ ఉప్మాలో ఒక గుప్పెడు విత్తనాలు తిరగమాతలోనే వేయించి, పైన రెండు స్పూన్ల పొడి, పక్కన గట్టి పెరుగు. పొద్దున పావు లీటరు పాలు, రెండు అరటిపండ్లు. శెనక్కాయ కూడదంటే చెప్పు, పెసరపప్పు వేసి చేసే ఉప్మా కొలతలు రాస్తా.